'దెప్పలు' వెతికిన అమ్మాయి: ఒక పద్యాల హోంవర్క్ కేస్ స్టడీ

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే తొమ్మిదో తరగతి అమ్మాయికి సాయంత్రాలు తెలుగు చెప్తుంటాను. చదివేది ఇంగ్లిష్ మీడియం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఒకరోజు వాళ్ల అమ్మ ఫోన్ చేసింది. "మేడమ్, అలంకారాల లక్షణాలన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. పద్యం ఇస్తే మాత్రం మార్కులు రావట్లేదు. ఎక్కడ పోతోందో అర్థం కావట్లేదు." ఆ వారం స్కూల్లో దిద్ది ఇచ్చిన హోంవర్క్ షీటు పట్టుకుని అమ్మాయి వచ్చింది. అందులో మూడు పద్యాలు, ఒక్కోదానికి నాలుగు ప్రశ్నలు ఉన్నాయి. ప్రశ్నకో మార్కు చొప్పున పన్నెండుకి నాలుగు వచ్చాయి.

నేను మార్కులు చూడను, తప్పులు చూస్తాను. ఆ షీటులో మొదట కంటపడింది సుమతీ శతక పద్యం దగ్గర రాసిన భావం: "డబ్బు వచ్చినప్పుడు చుట్టాలు వచ్చి దెప్పిపొడుస్తారు. చెరువు నిండితే గప్పలు చేరతాయి." షీటులో పద్యం ఇలా అచ్చయింది:

ఎప్పుడు సంపద కలిగిన
నప్పుడె బంధువులు వత్తు రది యెట్లన్నన్
దెప్పలుగ జెఱువు నిండిన
గప్పలు పదివేలు చేరు గదరా సుమతీ!

"దెప్పిపొడవడం ఎక్కడినుంచి వచ్చిందమ్మా?" అని అడిగాను. "దెప్పలు అని ఉంది కదా మేడమ్. డిక్షనరీలో దెప్పలు దొరకలేదు, దెప్పు దొరికింది. దెప్పు అంటే ఎత్తిపొడుపు అని రాశారు." మరి గప్పలు? "అవీ దొరకలేదు. చెరువులో ఉండేవేవో అని వదిలేశాను."

నవ్వొచ్చింది గానీ, అమ్మాయి చేసిందాంట్లో బద్ధకం లేదు. డిక్షనరీ తీసింది, వెతికింది, దొరికినదాన్ని పద్యానికి అతికించింది. కాకపోతే ఆ మాట పద్యంలో ఒక వేషంలో ఉంటుంది, నిఘంటువులో ఇంకో వేషంలో ఉంటుంది. ఆ సంగతి తనకి ఎవరూ చెప్పలేదు. ద్రుతసంధి, సరళాదేశం వ్యాకరణం పీరియడ్‌లో నేర్చుకుంది, సూత్రం అప్పజెప్పింది కూడా. ఆ సూత్రం పద్యం చదవడానికి పనికొస్తుందని మాత్రం తోచలేదు. మన పుస్తకాల్లో ఈ రెండూ వేర్వేరు అధ్యాయాలు మరి.

కాబట్టి అలంకారాలు పక్కనపెట్టి ముందు వేషాలు విప్పించాను. 'అన్నన్' చివర ఉన్న 'న్' ద్రుతం. దాని తర్వాత క, చ, ట, త, ప వస్తే అవి గ, జ, డ, ద, బ అవుతాయి. అంటే 'దెప్పలుగ' అసలు రూపం 'తెప్పలుగ', అంటే సమృద్ధిగా, నిండుగా. 'జెఱువు' అంటే చెరువు. 'గప్పలు' అంటే కప్పలు. "కప్పలా!" అంది. ఆ ఒక్క మాటతో రెండో సగం మొత్తం వెలిగింది.

అసలు చిక్కు ఇంకోటి ఉంది, అది తన కంటికి కనపడలేదు. 'కలిగిన', 'నిండిన' అనే మాటల్ని ఇప్పటి తెలుగులోలాగా 'కలిగినటువంటి', 'నిండినటువంటి' అని చదివింది. ఇక్కడ అవి 'కలిగినన్', 'నిండినన్', అంటే 'కలిగితే', 'నిండితే'. 'కలిగినన్ + అప్పుడె' కలిసి 'కలిగిన నప్పుడె' అయింది. రెండో పాదం మొదట్లో ఉన్న 'న' మొదటి పాదం చివరి మాటది. పాదం విరిగినచోట మాట కూడా విరిగిపోతుంది అనుకుంటారు పిల్లలు. పద్యంలో అలా ఉండదు. మాట సగం పైపాదంలో, సగం కిందిపాదంలో కూర్చోవచ్చు.

ఇలా విప్పాక పద్యం వచనంలో రాయమన్నాను: "సంపద ఎప్పుడు కలిగితే అప్పుడే బంధువులు వస్తారు. అదెలాగంటే, చెరువు నిండుగా నిండితే పదివేల కప్పలు చేరతాయి కదా." ఈ రెండు వాక్యాలు రాయడానికి మాకు ఇరవై నిమిషాలు పట్టింది. స్కూల్లో పద్యమంతటికీ అంత టైమ్ ఇవ్వరని నాకూ తెలుసు. మొదటి రెండు మూడు పద్యాలకే అంత పడుతుంది, తర్వాత తగ్గుతుంది.

రెండో పద్యం వేమనది.

అల్పుడెపుడు పల్కు నాడంబరము గాను
సజ్జనుండు పల్కు చల్లగాను
కంచు మ్రోగినట్లు కనకంబు మ్రోగునా
విశ్వదాభిరామ వినుర వేమ!

ఇక్కడ భావం కొంత సరిగ్గానే రాసింది, ఒక్క మాట తప్ప: "అల్పుడు నా ఆడంబరం గురించి మాట్లాడతాడు." 'నాడంబరము'ని 'నా డంబరము' అని విడగొట్టింది. ఇది 'పల్కున్ + ఆడంబరముగాను'. ఆ 'న' క్రియది, అంటే 'పలుకును' లోనిది. సజ్జనుడు "కూల్‌గా మాట్లాడతాడు" అని రాస్తే టీచరు దానికింద ఎర్రగీత పెట్టారు. నేనైతే ఆ గీత పెట్టేదాన్ని కాదు. 'చల్లగా' అంటే ఇక్కడ మెల్లగా, శాంతంగా అని. పిల్ల రాసింది భాష దృష్ట్యా సరైన సమాధానం కాదు గానీ, అర్థం దృష్ట్యా చాలా దగ్గర.

ఇక అలంకారం దగ్గర 'ఉపమాలంకారం' అని రాసింది. తప్పు అని కొట్టేశారు, ఎందుకు తప్పో రాయలేదు. "మ్రోగినట్లు అని ఉంది కదా మేడమ్, వలె, లాగా, అట్లు ఉంటే ఉపమ అని మీరే చెప్పారు" అంది. నిజమే. ఏడో తరగతిలో నేనే చెప్పాను. అప్పటి పరీక్షకి అది చాలింది. ఇప్పుడు అదే గొంతుకి అడ్డుపడింది. పిల్లలకి చెప్పే చిట్కాకి గడువు తేదీ కూడా చెప్పాలి, నేను చెప్పలేదు.

'అట్లు' మీద వేలు పెట్టమన్నాను. ఆ మాట ఏ రెండింటిని కలుపుతోంది? కంచునీ కనకాన్నీ. కవి ఎవరి గురించి చెప్పాలని పద్యం మొదలుపెట్టాడు? అల్పుడి గురించి, సజ్జనుడి గురించి. మరి అల్పుణ్ణి కంచుతో కలిపే మాట పద్యంలో ఎక్కడుంది? వెతికింది. లేదు. సజ్జనుణ్ణి కనకంతో కలిపే మాట? అదీ లేదు. ఉపమలో ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగుంటాయి. ఇక్కడి 'అట్లు' ఉపమానాల గూటిలోనే, కంచుకీ కనకానికీ మధ్య తిరుగుతోంది. పైగా 'మ్రోగునా' అని ఆ పోలికని కూడా కొట్టిపారేస్తోంది. ఉపమేయం దాకా అది రానే లేదు.

అమ్మాయి 'మ్రోగునా'ని కూడా మామూలు ప్రశ్నలాగానే తీసుకుంది. "కంచు మోగినట్టు బంగారం మోగుతుందా అని వేమన అడుగుతున్నాడు" అని రాసింది. అడగడం కాదు, మోగదు అని చెప్పడమే. భావంలో "మోగదు కదా" అని రాయకపోతే భావం పూర్తికాదు, మార్కూ పూర్తిగా రాదు.

పూజగదిలోంచి కంచు గంట తెచ్చి స్పూన్‌తో కొట్టాను. ఖంగుమని మోగి, కాసేపు అలా గుయ్యిమంటూనే ఉంది. వేలి ఉంగరం తీసి అదే స్పూన్‌తో కొడితే 'టక్'మంది, అంతే. "అది గంట కాబట్టి మోగింది మేడమ్. బంగారంతో గంట చేస్తే?" అంది. మంచి ప్రశ్న. రాగిలో తగరం కలిపితే కంచు అవుతుంది, గట్టిగా ఉంటుంది కాబట్టి ఖంగుమంటుంది. బంగారం మెత్తన, గంట పోసినా ఆ మోత రాదు. "మరి రెండింట్లో ఏది ఖరీదు?" అని అడిగాను. అక్కడ పద్యం దానంతట అదే తెరుచుకుంది. తక్కువ విలువ ఉన్నది ఎక్కువ మోగుతుంది, ఎక్కువ విలువ ఉన్నది మోగదు. అల్పుడికి ఎదురుగా కంచు, సజ్జనుడికి ఎదురుగా కనకం, మాటకి ఎదురుగా మోత. రెండు వాక్యాలు అద్దంలో బింబమూ ప్రతిబింబమూలాగా నిలబడ్డాయి, మధ్యలో కలిపే మాట లేకుండానే. దాన్నే దృష్టాంతం అంటారు. "బింబ ప్రతిబింబ భావం" అనే లక్షణం ఆ అమ్మాయికి ముందే కంఠతా వచ్చు. దేనికి ఏది ప్రతిబింబమో గీత గీసి చూపించడమే ఎప్పుడూ చేయలేదు.

అప్పటినుంచి అలంకారం పేరు రాసే ముందు ఆ జతలు రాయాలని నియమం పెట్టాను. జత కుదరకపోతే పేరు రాయకూడదు.

సుమతీ పద్యానికి తను 'అర్థాంతరన్యాసం' అని రాసింది, దానికీ మార్కు రాలేదు. జతలు రాయమంటే సంపదకి చెరువులో నీరు, బంధువులకి కప్పలు, రావడానికి చేరడం అని చకచకా రాసేసింది. అయినా అర్థాంతరన్యాసం ఎందుకు కాదు? ఒక సామాన్య విషయాన్ని విశేష విషయంతో, లేదా విశేషాన్ని సామాన్యంతో సమర్థిస్తే అర్థాంతరన్యాసం. విశేషం అంటే ఆ సామాన్యం కిందికి వచ్చే ఒక ఉదాహరణ అన్నమాట. బంధువుల గురించి చెప్పిన మాట కిందికి కప్పలు రావు, కప్పలు బంధువులు కాదు కదా! మొదటి సగంలో "ఆదరువు ఉన్నచోటికే ఎవరైనా చేరతారు" అని ఉంటే, అప్పుడు కప్పలు దానికి ఉదాహరణ అయ్యేవి, అర్థాంతరన్యాసం కుదిరేది. ఇక్కడ రెండూ పక్కపక్కన నిలబడే సమాన వాక్యాలే, ఒకటి ఇంకోదాని కిందికి రాదు.

ఇక్కడొక పేచీ ఉంది, దాన్ని అమ్మాయి దగ్గర దాచలేదు. 'అది యెట్లన్నన్' అనే మాట రెండు సగాలనీ కలుపుతోంది కాబట్టి పోలిక బయటికి చెప్పినట్టే, ఇది ఉపమే అనేవాళ్లున్నారు. నా లెక్కలో 'అదెలాగంటే' అన్నది 'చెప్తా విను' అనడం లాంటిది. 'కప్పలవలె బంధువులు' అన్నట్టు ఒక వస్తువుని ఇంకో వస్తువుకి అది ముడిపెట్టదు. అందుకని దృష్టాంతం అంటాను. పరీక్షలో పేరు రాసి వదిలేయకుండా ఒక వాక్యం కారణం కూడా రాయమన్నాను. బహుళైచ్ఛిక ప్రశ్న అయితే కారణం రాసే చోటుండదు, అక్కడ క్లాసులో టీచరు చెప్పినదే పెట్టమన్నాను. అంతకంటే నేను చేయగలిగింది లేదు.

మూడోది పోతన భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు చెప్పే సీసం. దీన్ని తను దాదాపు వదిలేసింది.

మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు వోవునే మదనములకు
నిర్మల మందాకినీ వీచికలఁ దూఁగు రాయంచ సనునే తరంగిణులకు
లలిత రసాల పల్లవ ఖాదియై చొక్కు కోయిల సేరునే కుటజములకుఁ
బూర్ణేందు చంద్రికా స్ఫురిత చకోరక మరుగునే సాంద్ర నీహారములకు
అంబుజోదర దివ్య పాదారవింద
చింతనామృత పాన విశేష మత్త
చిత్త మేరీతి నితరంబుఁ జేర నేర్చు
వినుత గుణశీల! మాటలు వేయునేల?

"చకోర పక్షి మంచులో మరుగుతుందా?" అని ఒక్క వాక్యం మాత్రం రాసింది. 'మరుగునే' అంటే నీళ్లు మరిగినట్టు మరగడం అనుకుంది. 'చకోరకము + అరుగునే' అది, అరుగు అంటే వెళ్లు. ఈసారి నేను విప్పలేదు. "క్రియలన్నీ పట్టుకుని కింద గీత గియ్యి, తర్వాత వేషాలు తీయి" అన్నాను.

'బూర్ణేందు'ని చటుక్కున 'పూర్ణేందు' చేసేసింది, 'కుటజములకున్' చివర ద్రుతం ఉందిగా. 'వోవునే', 'సనునే', 'సేరునే' దగ్గర ఆగిపోయింది. సరళాదేశం లెక్క ఇక్కడ పనిచేయదు. ఇది గసడదవాదేశం: ప్రథమా విభక్తి మీద క, చ, ట, త, ప వస్తే గ, స, డ, ద, వ అవుతాయి. మధుపంబు పోవునే, రాయంచ చనునే, కోయిల చేరునే. ఇది తెలిశాక పేపరు మీద నాలుగు క్రియలు ఒకదానికింద ఒకటి పేర్చింది: పోవునే, చనునే, చేరునే, అరుగునే. కాసేపు చూసి, "మేడమ్, నాలుగూ ఒకటే కదా! అన్నీ 'వెళ్తుందా' అనే" అంది.

ఈ పద్యంలో పట్టుకోవలసిన కీలు అదే. మిగతా పదాల అర్థాలు నేనే చెప్పేశాను. మదనములు అంటే ఉమ్మెత్తలు (తను మన్మథుడు అనుకుంది), మందాకిని ఆకాశగంగ, రసాలం తియ్యమామిడి, కుటజం కొండమల్లె, సాంద్ర నీహారం దట్టమైన మంచు. పదాల అర్థం తెలియకపోవడం పెద్ద లోపం కాదు, ఎవరో ఒకరు చెప్తే తీరిపోతుంది. వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియకపోతే మాత్రం అర్థాలన్నీ చేతిలో ఉన్నా భావం రాదు. చివరి 'మాటలు వేయునేల'ని పక్కనపెడితే ఇక్కడ ఐదు వాక్యాలున్నాయి. నాలుగు పాదాలు నాలుగు ప్రశ్నలు. ఎత్తుగీతిలో ఐదోది: విష్ణు పాదాలను తలచుకోవడమనే అమృతం తాగి మత్తెక్కిన మనసు ఇంకోదాన్ని ఎలా చేరుతుంది? ఆ వాక్యానికి కర్త 'చిత్తము'. 'చిత్త మేరీతి'ని 'చిత్తము + ఏ రీతిన్' అని విడగొట్టకపోతే కర్త చేతికి దొరకదు.

షీటులో అడిగింది "మొదటి పాదంలోని శబ్దాలంకారం ఏది?" అని. మ, ద హల్లులు మళ్లీమళ్లీ వచ్చాయి కాబట్టి వృత్త్యనుప్రాస. ఇది తను సరిగ్గానే రాసింది, చెవికి తెలిసిపోతుంది కనుక. అర్థాలంకారం అడగలేదు. కానీ తనే అడిగింది: "ఇది కూడా దృష్టాంతమేనా?" జతలు చూస్తే అలాగే అనిపిస్తుంది. అయితే ఐదు వాక్యాల్లోనూ ధర్మం ఒక్కటే, ఇంకోచోటికి వెళ్లకపోవడం. దాన్నే ఐదుసార్లు వేరువేరు మాటల్లో చెప్పాడు. అలా చెప్తే ప్రతివస్తూపమ అంటారు. దృష్టాంతంలో ధర్మాలు వేరు, మాట్లాడటం వేరు, మోగడం వేరు, వాటి మధ్య పోలిక ఉంటుంది. తన పుస్తకంలో ప్రతివస్తూపమ లేదు. పరీక్షలో రాయొద్దు, తెలుసుకుని ఉండు అన్నాను. 'చింతనామృతం'లో రూపకం మాత్రం పుస్తకంలో ఉన్నదే, చింతనమనే అమృతం.

తర్వాతి వారం హోంవర్క్ నేనే ఇచ్చాను. వేమన చెప్పిన కంచు సంగతినే తీసుకుని నాలుగు అలంకారాల్లో నాలుగు వాక్యాలు సొంతంగా రాయాలి. తను రాసుకొచ్చినవి ఇవి. ఉపమ: "మా క్లాస్ లీడర్ కంచులా మోగుతాడు." రూపకం: "అతని నోరే ఒక కంచు గంట." ఉత్ప్రేక్ష: "అతను అరిస్తే గుళ్లో గంట కొట్టారేమో అనిపించింది." అతిశయోక్తి: "అతను మాట్లాడితే స్కూలు కిటికీలన్నీ పగిలిపోయాయి." నేనైతే మూడో వాక్యం చూసి ఎక్కువ సంతోషపడ్డాను. ఉపమకీ ఉత్ప్రేక్షకీ తేడా పోలికలో కాదు, 'ఏమో' అనే ఊహలో ఉందని తనంతట తనే పట్టుకుంది. ఆ లీడర్ ఎవరో నేను అడగలేదు.

మూడు వారాల తర్వాత స్కూలువాళ్లు ఇంకో షీటు ఇచ్చారు. ఈసారి పన్నెండుకి తొమ్మిది. అందులో "ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు" పద్యం ఉంది. 'నొక్క'ని నొక్కడం అనుకోకుండా 'కప్పురంబున్ + ఒక్క' అని విడగొట్టింది, 'నుండు'ని 'ఉండు' చేసింది. పద్యంలో 'పోలిక' అనే మాటే ఉన్నా ఉపమ అని రాయలేదు. ఉప్పూ కర్పూరం ఒకవైపు, మామూలు పురుషులూ పుణ్యపురుషులూ ఇంకోవైపు పెట్టి గీతలు గీసి, దృష్టాంతం అని రాసింది.

పోయిన మూడు మార్కుల్లో ఒకటి ఇక్కడే పోయింది. 'రుచుల జాడ వేరు' దగ్గర 'జాడ'ని కూడా వేషం అనుకుని 'చాడ' చేసేసింది. డిక్షనరీలో చాడ దొరకలేదు, 'చాడి' దొరికింది. "రుచుల మీద చాడీలు వేరు" అని రాసింది. షీటు తెచ్చి నా ముందు పెట్టి, "మేడమ్, ఇక్కడ ఎందుకు పనిచేయలేదు?" అంది. 'రుచుల' చివర ద్రుతం ఉందా అని అడిగాను. పద్యాన్ని ఒకసారి పైకి చదువుకుంది. "లేదు. అయితే జాడ జాడే" అని తనే దిద్దుకుంది. ఇప్పుడు వేషం తీసే ముందు వెనక మాట చివర చూసే అలవాటు చేయిస్తున్నాను.